గీజర్ టైమర్: ఆదివారం పూటే ఎందుకు ఆగిపోయేదంటే

రెండు చలికాలాలు వాడాక రాస్తున్నాను. ఈ టైమర్‌లో నాకు బాగా నచ్చింది టైమింగ్ కాదు, టైమర్ లోపల వేడి పెరిగితే తనంతట తనే కరెంటు ఆపేసే థర్మల్ కటాఫ్. మొదట్లో దాన్నే తిట్టుకున్నాం.

మా గీజర్ 15 లీటర్లది, 2 కిలోవాట్లు. పైట్యాంకు నీళ్లు 20 డిగ్రీలుంటే, 60కి రావడానికి ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. ఆ నీళ్లకు చన్నీళ్లు కలుపుకుంటే సుమారు 30 లీటర్లు, అంటే రెండు బకెట్ల గోరువెచ్చని నీళ్లు. ఆ లెక్క పట్టుకుని, ఇంట్లో ఎవరు ఎప్పుడు కుళాయి తిప్పుతున్నారో ఓ వారం క్యాలెండర్ మీద రాసుకున్నాం. అత్తయ్య ఐదున్నరకు ఒక బకెట్, మా ఆయన ఆరుంపావుకు మరొకటి. ఈ ఇద్దరికీ ఒక్క వేడి చాలు, కాబట్టి 5:05 నుంచి 5:30. పిల్లలకు 6:40 నుంచి 7:05. సాయంత్రం పెట్టనేలేదు, ఎవరూ వాడరు గనక. ఆదివారం తలంట్లు, అందరివీ ఒకదాని వెనక ఒకటి. అందుకని ఆ రోజు 8 నుంచి 9:30 దాకా ఆన్‌లోనే.

కొన్న రెండు నెలలకు ఆదివారం మూడో తలంటు మధ్యలో నీళ్లు చల్లబడడం మొదలైంది. టైమర్ తెర మీద గడియారం నడుస్తోంది, కానీ గీజర్ లైటు ఆరిపోయింది. ఓ పావుగంటకు మళ్లీ దానంతట అదే వెలిగింది. సోమవారం నుంచి శనివారం దాకా ఏ తేడా లేదు. మళ్లీ ఆదివారం అదే కథ. షాంపూ నురుగుతో మా చిన్నది బాత్రూంలోంచి పెట్టిన కేకలు కింది ఫ్లోరు దాకా వినబడి ఉంటాయి.

వచ్చిన ఎలక్ట్రీషియన్ చూడకుండానే, "కటాఫ్ వీకయింది మేడమ్, డైరెక్టు చేసేస్తా" అన్నాడు, అంటే కటాఫ్‌ను తప్పించి వైరు నేరుగా కలిపేస్తాడట. ఆదివారమే ఎందుకు వీకవుతుందని అడిగాను. నోరు మెదపలేదు గానీ, ఎంసీబీ దించి, టెస్టరు పెట్టి చూసి, టైమర్ విప్పాడు. న్యూట్రల్ స్క్రూ వేలితో అన్నా కదులుతోంది. వైరులో సగం రాగి పోగులే స్క్రూ కింద ఉన్నాయి, మిగతావి పక్కకు చెదిరి ఉన్నాయి. వైరు మీది ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, గట్టిపడి, గిల్లితే పొడిగా రాలింది.

అప్పుడు అర్థమైంది. గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మామూలు రోజు ఇరవై నిమిషాలకు థర్మోస్టాట్ ఆపేస్తుంది, వదులు స్క్రూ దగ్గర పుట్టిన వేడి చల్లారిపోతుంది. ఆదివారం ఎడతెగకుండా నీళ్లు తోడుతుంటే కాయిల్ ఆగదు, వేడి పేరుకుంటుంది. కటాఫ్ పట్టుకున్నది దాన్నే. డైరెక్టు చేసి ఉంటే వైరు కాలిన వాసన వచ్చేదాకా మాకు తెలిసేది కాదు.

కాలిన ముక్క కత్తిరించి, వైరు కొత్తగా ఒలిచి, పోగులన్నీ కలిపి, వాటిని పట్టి ఉంచే లగ్ అనే లోహపు తొడుగు వేసి బిగించాడు. ఆ తర్వాత ఆదివారాలు మళ్లీ ఆగలేదు. బిగించడం అలా వదిలేసింది అమ్మినవాళ్లు పంపిన మనిషే. ఫోన్ చేస్తే వారంటీలో లేదన్నారు, ఆ విషయం మాత్రం నేనింకా మర్చిపోలేదు.

అయితే ఈ కటాఫ్ మీద నాకో ఫిర్యాదు కూడా ఉంది. చల్లారగానే చెప్పాపెట్టకుండా మళ్లీ ఆన్ అయిపోతుంది. ఓ ఎర్ర లైటైనా వెలగదు. మాకు నీళ్లు చల్లబడ్డాయి గనక తెలిసింది. ఇంకో సంగతి, ఇది టైమర్ వేడిని చూస్తుందే తప్ప నీళ్ల వేడిని కాదు. నీళ్లు మరీ మరిగిపోకుండా చూసే కటౌట్ గీజర్‌లో వేరే ఉంటుంది. టైమర్ ఉంది కదా అని దాన్ని పట్టించుకోకపోతే ప్రమాదం.

బిల్లు సగమైందని అప్పట్లో అక్కాచెల్లెళ్లందరికీ చెప్పాను. అందులో చాలా భాగం టైమర్ గొప్ప కాదు. అంతకుముందు మా ఇంట్లో స్విచ్ పొద్దంతా ఆన్‌లో ఉండేది. మీరు గుర్తుపెట్టుకుని ఆపేసేవాళ్లయితే ఆ తేడా మీకు కనబడదు. పొద్దున 5:10కి కరెంటు పోయి 5:40కి వస్తే, గడియారం తప్పదు గానీ ఆ పోయిన సమయాన్ని ఇది పూడ్చదు. అత్తయ్యకు మాన్యువల్ బటన్ చూపించి పెట్టాం, ఆవిడ మాత్రం పొయ్యి మీదే నీళ్లు కాచుకుంటారు.

మాలాగా ఐదుగురు ఒకే వేళకు లేచే ఇల్లయితే కొనొచ్చు. షిఫ్టు ఉద్యోగాలుంటే ఈ షెడ్యూల్ వారానికోసారి మార్చలేక విసుగొస్తుంది. మా చెల్లెలికి వద్దనే చెప్పాను, వాళ్లది 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్, ముందుగా కాచి ఉంచాల్సిన పనే లేదు.