మా కంపెనీ లీవ్ పాలసీ: కొన్నేళ్లు వాడిన తరువాత

యర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, అకౌంట్స్ విభాగంలో పనిచేస్తూ, కొన్నేళ్లుగా ప్రతి సెలవుకూ ముందు తెరిచి చూస్తున్న లీవ్ పాలసీ పత్రం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. సెలవులు చాలినన్ని ఇస్తారా లేదా అన్నది వేరే చర్చ. దరఖాస్తు పెట్టబోయేవాడికి కావలసినవి మూడే: ఎన్ని రోజుల ముందు అడగాలి, ఎవరెవరు మంజూరు చేయాలి, ఏ తేదీల్లో అసలు ఇవ్వరు. ఆ మూడూ ఈ పత్రంలో ఒకచోట లేవు. నోటీసు గడువు దరఖాస్తు విధానం అనే భాగంలోనూ, మంజూరు చేసే అధికారం ఎవరిదో చివరి అనుబంధంలోని పట్టికలోనూ ఉన్నాయి. బ్లాకౌట్ తేదీలైతే పత్రంలోనే కనబడవు. విభాగాల వారీగా ఏటా ప్రకటిస్తామని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ ప్రకటన సంవత్సరారంభంలో హెచ్ఆర్ సర్క్యులర్‌గా వస్తుంది, తరువాత మెయిళ్ల అడుగున పడిపోతుంది. కిల్న్ ఆపి మరమ్మతు చేసే వారాలు ప్రొడక్షన్ వాళ్లకు, మార్చి లెక్కలు ముగించే రోజులు మాకు.

చదివే వరుస ముఖ్యమని వాడగా వాడగా తెలిసింది. ముందు సర్క్యులర్ చూడాలి, తరువాత సెలవు ఎన్ని రోజులుగా లెక్కకు వస్తుందో తేల్చుకోవాలి, ఆ సంఖ్యను బట్టి పట్టిక చూసి, నోటీసు గడువును చివరగా వెనక్కి లెక్కించాలి. ఇందులో రెండో మెట్టునే చాలామంది దాటేస్తారు. 2025లో ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం ఏప్రిల్ 11, శుక్రవారం వచ్చింది. ఆ ఏడాది మా విభాగానికి బ్లాకౌట్ ఏప్రిల్ 10 వరకు, ఆ రోజుతో కలిపి. శుక్ర, శనివారాలు సెలవు పెట్టి, ఆదివారం, 14న అంబేడ్కర్ జయంతి సెలవు కలుపుకొని, ఊరినుంచి వచ్చిన బంధువులను పంపించడానికి 15న మంగళవారం కూడా తీసుకుందామని అనుకున్నాను. నా లెక్కలో అవి మూడు సెలవులు. పాలసీ లెక్కలో ఐదు, ఎందుకంటే రెండు సెలవు దినాల నడుమ పడిన ఆదివారాన్నీ పండుగనూ కూడా సెలవుగానే లెక్కించాలనే క్లాజు, అందరూ శాండ్‌విచ్ అని పిలిచేది, నోటీసుతో ఏ సంబంధమూ లేని "సెలవుల గణన" భాగంలో ఉంది.

తేడా ఖాతాలో తరిగే రెండు రోజులతో ఆగదు. మూడు రోజుల వరకు ఐదు పనిదినాల నోటీసు, రిపోర్టింగ్ మేనేజర్ ఒక్కరి మంజూరు చాలు. మూడు దాటితే పదిహేను పనిదినాలు, పైగా విభాగాధిపతి మంజూరు కూడా కావాలి. మాకు వారానికి ఆరు పనిదినాలు కనుక, ఏప్రిల్ 10 నుంచి వెనక్కి, ఆదివారాలనూ మార్చి 31 రంజాన్‌నూ తీసేసి లెక్కిస్తే పదిహేనో పనిదినం మార్చి 24 అవుతుంది. అక్కడితో అయిపోలేదు. దరఖాస్తు పెట్టిన తేదీ కాదు, చివరి మంజూరు దొరికిన తేదీనే గడువుకు లెక్క అని అనుబంధం కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఒక్కొక్క అధికారికి మూడు పనిదినాలు ఇస్తారు కాబట్టి, ఇద్దరికీ ఆరు పోను మార్చి 17కల్లా దరఖాస్తు పోర్టల్‌లో ఉండాలి. ఆ మంగళవారం ఒక్కటి మానుకుంటేనో, ఆదివారమూ జయంతీ మధ్యలో పడక చివరలో పడతాయి కనుక సెలవు రెండు రోజులే; ఒక్క మేనేజర్‌కు మూడు పనిదినాలు పోను ఏప్రిల్ 2న అడిగినా సరిపోతుంది. నేను మంగళవారం వదులుకున్నాను, బంధువులు బస్సెక్కి వెళ్లిపోయారు.

ఏప్రిల్ 2 బ్లాకౌట్ లోపలి తేదీయే కదా అన్న సందేహం రావచ్చు. సర్క్యులర్ ఆ రోజుల్లో సెలవులో ఉండడాన్ని మాత్రమే నిషేధించింది, దరఖాస్తు పెట్టడాన్ని కాదు. పక్క విభాగం సర్క్యులర్‌లో మాత్రం ఆ రోజుల్లో దరఖాస్తులను పరిశీలించబోమని రాసి ఉంది. ఒకే కంపెనీలో ఈ తేడా ఎందుకో హెచ్ఆర్ వాళ్లే చెప్పాలి. అందుచేత పక్క సీటువాళ్ల మాట నమ్మి తేదీలు ఖాయం చేసుకోకూడదు.

మంజూరు క్రమం గురించి ఒక ఫిర్యాదు ఉంది. పట్టికలో హోదాలే ఉంటాయి, పేర్లు ఉండవు. మా విభాగాధిపతి హైదరాబాదులో కూర్చుంటారు, ఆయనే సెలవులో ఉంటే అధికారం ఎవరికి బదిలీ అవుతుందో పత్రం చెప్పదు. దరఖాస్తు పెట్టాక పోర్టల్‌లో `Pending with` ఎదురుగా కనబడే పేరే నిజమైన సమాధానం. మూడు పనిదినాలు గడిచినా ఆ పేరు మారకపోతే దరఖాస్తు తనంతట తాను పైకి పోదు, మంజూరైనట్టూ కాదు. అప్పుడు హెచ్ఆర్‌కు దరఖాస్తు నంబరుతో మెయిల్ పెట్టి, ప్రత్యామ్నాయ అధికారికి మళ్లించమని అడగాలి. ఫోనులో "సరేలే, పోయిరా" అన్న మాటకు పోర్టల్‌లో విలువ లేదు.

గడువులు కఠినంగా ఉన్నా, రాసినదాన్ని రాసినట్టే పాటిస్తారు కాబట్టి ఈ పాలసీకి ఐదుకు మూడు ఇస్తాను. బ్లాకౌట్ తేదీలను అనుబంధంలో చేర్చి, గణన క్లాజును నోటీసు గడువు పక్కకు తెస్తే నాలుగు ఇచ్చేవాణ్ణి.