నల్‌దుర్గ్: మలుపులోనే ఉంది అసలు సంగతి

హైదరాబాద్ నుంచి మామయ్య వస్తే సోలాపూర్‌లో ఏం చూపించాలో తెలియక, ఈసారి నల్‌దుర్గ్ కోటకు తీసుకెళ్లాం. హైదరాబాద్ రోడ్డు మీదే, మా ఇంటి నుంచి 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎస్టీ బస్సులో హాయిగా చేరాం.

కోట వాకిట్లో మామయ్య, "తలుపేదిరా?" అన్నారు. నిజమే, బయటి నుంచి తలుపు కనబడదు. రెండు ఎత్తైన గోడల మధ్య దారి పాములా తిరుగుతుంది, తలుపు ఆ మలుపు తర్వాతే వస్తుంది. కనబడని తలుపుకు దూరం నుంచి ఫిరంగి గురిపెట్టలేరు. పరుగెత్తుకొచ్చి గుద్దడానికి ఏనుగుకు తిన్నటి దారి దొరకదు. ఆగి తిరిగేలోపు పైనున్నవాళ్లు రెండు గోడల మీంచీ కొడతారు.

పిట్టగోడలో తుపాకీ కన్నాలు లోపల వెడల్పు, బయట సన్నం. మా చిన్నోడు ఒకదాంట్లో శెంగ గింజ వదిలాడు. అది జారి బయటికి పడిపోయింది! కన్నం అడుగు బయటివైపు వాలుగా ఉందన్నమాట, గోడ మొదట్లోకి చేరినవాణ్ణి కూడా కాల్చడానికి. శత్రువు గోడకే ఆనుకుంటే అదీ చాలదు. అందుకే బురుజులు ముందుకు పొడుచుకొస్తాయి, ఒక బురుజు పక్క బురుజు పాదాన్ని కాస్తుంది. ఇక్కడ మొత్తం 114 బురుజులని చెబుతారు.

ఉపల్యా బురుజు మాత్రం గోడలో భాగం కాదు. కోట లోపల ఒంటరిగా, అన్నిటికన్నా ఎత్తున నిలబడింది. గోడల మీదుగా దూరం చూడటానికి, ఫిరంగులు పేల్చడానికి కట్టారు. హాథీ తోప్, మగర్ తోప్ అనే ఫిరంగులు పైనే ఉన్నాయి. ఇరుకు మెట్లెక్కలేక మామయ్య కిందే కూర్చున్నారు.

నాకు ఎక్కువ నచ్చింది పానీ మహల్. బీజాపూర్ సుల్తాను రెండో ఇబ్రహీం ఆదిల్ షా కాలంలో, 1613లో, బోరీ నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట అది, లోపల గదులతో సహా. నీళ్లు నిలిస్తే తాగడానికీ పనికొస్తాయి, ఆ పక్క కందకమూ తవ్వక్కర్లేదు. కానీ అవతలి గట్టు శత్రువు చేతికి చిక్కితే ఆనకట్ట రెండో కొస వాడిదే, ఎదురు గుట్ట మీద వాడి ఫిరంగులే. ఆ సంగతి ముందే ఆలోచించి అవతలి గట్టున రణమండల్ అనే ఇంకో కోట కూడా కట్టేసి, ఆనకట్టతో రెండింటినీ కలిపేశారు.

ఆ ఆనకట్ట మీంచి దూకే నర్-మాదీ జలపాతాల కోసం వెళ్తే వానాకాలంలోనే వెళ్లాలి, ఎండాకాలంలో బండ తప్ప ఏమీ ఉండదు. నీడ తక్కువ, టోపీ తప్పనిసరి. రాత్రి తుల్జా భవాని ఊరు తుల్జాపూర్‌లో ఉందామనుకోవడం మా పొరపాటు. మంగళవారం, అమ్మవారి రోజు! ఫోన్‌లో ఒక రేటు చెప్పిన లాడ్జి మేం చేరాక రెట్టింపు అడిగింది, దుప్పట్లు కూడా తడిగానే ఉన్నాయి. మామయ్యకు అప్పటికే మోకాళ్ల నొప్పి. సాయంత్రం సోలాపూర్ బస్సే ఎక్కి ఉంటే ఇంట్లో కడక్ భాకరీ తిని పడుకునేవాళ్లం.