మూడు ఎండాకాలాల తర్వాత: కూలర్ గురించీ, దాన్ని కొనిపించిన ఆ పోస్టుల గురించీ

మాది మంచిర్యాల. ఏప్రిల్ వస్తే ఇక్కడ ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 2023లో నేను కూలర్ కొన్నది కంపెనీ పేరు చూసి కాదు, బస్టాండు దగ్గరున్న ఒక డీలర్ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన పోస్టులు చూసి. మూడు ఎండాకాలాలు వాడాక ఆ పోస్టుల్లో ఏది నిజమైంది, ఏది మిగిలిపోయింది అన్నది రాయాలనిపించింది. ట్యాంకు ఎన్ని లీటర్లు, చక్రాలున్నాయా, రిమోట్ ఉందా అనేవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి అవి వదిలేస్తున్నాను.

ఆ సంవత్సరం ఊళ్లో ప్రతి షాపూ ఒకటే మాట చెప్పేది: ఏసీ లాంటి చల్లదనం, పది నిమిషాల్లో గది 18 డిగ్రీలు. ఈయన మాత్రం షాపు ముందు నీడలో రెండు గోడ థర్మామీటర్లు పక్కపక్కన తగిలించి ఫొటో పెట్టారు. ఒకటి మామూలుగా ఉంది. రెండోదాని అడుగున గుండుకు తడి గుడ్డ చుట్టి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టారు. మొదటిది 42 చూపిస్తోంది, తడి గుడ్డది 24. కింద రాసింది నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఏ కంపెనీ కూలరైనా ఈ 24 కంటే కిందికి పోదు. మంచి ప్యాడ్లుంటే ఈ రెండింటి తేడాలో పదింట ఏడు వంతులు తగ్గుతుంది. అంటే ఇవాళ కూలర్ నుంచి వచ్చే గాలి 29 దగ్గర ఉంటుంది. 18 అని ఎవరైనా చెబితే నమ్మకండి."

అది చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. సైన్సు టీచర్ని కాబట్టి తడి గుడ్డ లెక్క నాకు తెలుసు: కూలర్ కూడా నీళ్లు ఆవిరి చేసే గాలిని చల్లబరుస్తుంది, అందుకే తడి గుడ్డ చూపించే అంకే దాని హద్దు. కానీ కూలర్ అమ్మే మనిషి, అదీ సీజన్ మొదట్లో, తన సరుకు ఎక్కడ ఆగిపోతుందో తనే ఫొటో తీసి పెట్టడం నేను ముందెప్పుడూ చూడలేదు. జూన్ రెండో వారంలో వానలు పడ్డాక అదే ఫొటో మళ్లీ తీసి పెట్టారు. రెండు థర్మామీటర్ల మధ్య తేడా ఐదారు డిగ్రీలే ఉంది. "ఇక కూలర్‌లో పంపు ఆపేసి ఉత్త ఫ్యానులా వాడుకోండి, నీళ్లు పోస్తే ఉక్కపోత పెరుగుతుంది" అని రాశారు. మా ఇంట్లోనూ సరిగ్గా అలాగే జరిగింది.

రెండో పోస్టు కరెంటు ఖర్చు గురించి. "గంటకు రూపాయే" లాంటి మాట అందులో లేదు. "పోయిన మే నెల కరెంటు బిల్లు తీసుకుని రండి, మీ ఇంటికి ఎంత పెరుగుతుందో లెక్క వేసి చెబుతాను" అని ఉంది. తీసుకెళ్లాను. కూలర్ లేకుండా మా వాడకం 140 యూనిట్లు. ఆయన బిల్లు వెనకాలే పెన్నుతో వేశారు. ఫ్యాను మోటారు 190 వాట్లు, పంపు 20, మొత్తం 210. రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే ఒకటిన్నర యూనిట్ పైచిలుకు, నెలకు 50. అంటే 190 యూనిట్లు. మా స్లాబులో మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. కాబట్టి పెరిగేది 240 రూపాయలు.

అక్కడితో ఆపితే అందరూ వేసే లెక్కే అయ్యేది. ఆయన "సార్, పది గంటలు వేస్తే చూడండి" అని ఇంకో వరుస రాశారు. నెలకు 63 యూనిట్లు, మొత్తం 203. రెండొందలు దాటగానే పాత రేట్లు పోతాయి, మొదటి యూనిట్ నుంచీ 5.10 పడుతుంది, ఆ పైన మూడు యూనిట్లకు 7.70. అప్పుడు పెరిగేది 511. రోజుకు రెండు గంటలు ఎక్కువ వేసినందుకు, అంటే నెలకు 13 యూనిట్లకు, 271 రూపాయలు. "పొద్దున నాలుగింటికి చల్లబడుతుంది, అప్పుడు ఆపేయండి, చాలు" అన్నారు. గృహజ్యోతి వచ్చాక మా పక్కింటి వాళ్లకు ఈ మాట ఇంకా అక్కరకొచ్చింది. వాళ్లకు 200 లోపు సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి.

మొదటి మే నెలలో మాది 194 వచ్చింది. ఆయన చెప్పినదానికి నాలుగే ఎక్కువ. లీటర్ల సంగతి కూడా అంతే. డబ్బా మీద 65 ఉంటే, కొలిచిన బకెట్లతో పోసి చూపించిన వీడియోలో గుర్తు దాకా పట్టింది 52. "రాత్రి మధ్యలో ఒకసారి నీళ్లు అయిపోతాయి, గంటకు పది లీటర్లు తాగుతుంది" అని చెప్పేశారు. అందుకే నేను మొదటి రోజే ఫ్లోట్ వాల్వ్‌కు పైపు తగిలించుకున్నాను. కిటికీలో కూలర్ పెట్టి, ఎదురుగా తలుపు బెత్తెడు తీసి ఉంచాలన్న మాటా ఆయనదే. లోపలి తేమ గాలి బయటికి పోకపోతే గంటలో గది చెమ్మగిల్లిపోతుంది.

మొదటి ఎండాకాలం అయ్యాక స్కూల్లో కనిపించిన ప్రతివాళ్లకూ ఆయన దగ్గరే కొనమని చెప్పాను. ఇప్పుడు ఆ మాటను కొంచెం సరిచేసుకోవాలి.

2024 మే రెండో వారం. రాత్రి పదకొండుకు కూలర్ వేస్తే గాలి బాగానే వస్తోంది గానీ వేడిగా ఉంది. పంపు చప్పుడు వినిపిస్తోంది. ట్యాంకులో నీళ్లున్నాయి. అమ్మకు నిద్ర పట్టక వరండాలో కూర్చుంది. టార్చి పెట్టి ప్యాడ్ల మీద చేయి ఆనించి చూశాను. వెనక ప్యాడ్‌లో రెండు నిలువు పట్టీలు ఎండుగా ఉన్నాయి. ఎడమ పక్క ప్యాడ్ పైసగం మొత్తం ఎండు. గాలి ఎప్పుడూ తేలిగ్గా దారి దొరికే చోటినుంచే వస్తుంది కదా, ఎండిన చోటునుంచి వచ్చిన వేడిగాలి చల్లగాలిని మింగేస్తోంది.

పొద్దున్నే డీలర్‌కు ఫోన్ చేశాను. "అన్నా, పంపు నడుస్తోంది, నీళ్లు మాత్రం దిగట్లేదు" అంటే ఆయన మొదట అడిగిన ప్రశ్న: "బోరు నీళ్లా సార్?" అవును, బోరువే. పైమూత తీయమన్నారు. ప్యాడ్ల మీద నీళ్లు పంచే గొట్టానికి వరుసగా చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో సగానికి పైగా తెల్లటి సున్నం లాంటి పొర బిగుసుకుపోయింది. పిన్నుతో పొడిస్తే పెచ్చులుగా ఊడింది. పంపు జాలీ కూడా అంతే. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో గొట్టాన్ని, పంపును గంట నానబెడితే చాలావరకు వదిలింది. కానీ పంపు నానాక మళ్లీ తిరగలేదు. ప్యాడ్లు అసలు గోధుమరంగువి. తేనెపట్టు గళ్లు మూసుకుపోయి తెల్లగా, గట్టిగా అట్టముక్కల్లా తయారయ్యాయి. మెత్తటి బ్రష్షుతో రుద్దితే పొరతో పాటు ప్యాడే చిరుగుతోంది.

కొత్త ప్యాడ్లు మూడు వైపులకు 1,400, పంపు 350. మొత్తం 1,750. రెండు సీజన్లకు పంచితే ఏడాదికి 875. నేను ఒక సీజన్ అంతా, అంటే ఏప్రిల్ మొదలు జూన్ సగం దాకా, కూలర్ కోసం ఎక్కువ కట్టే కరెంటు 600. అంటే మా ఇంట్లో కూలర్ ఖర్చులో పెద్ద వాటా కరెంటుది కాదు, ప్యాడ్లది. బిల్లు వెనక అంత ఓపిగ్గా లెక్క వేసిన మనిషి ఈ వరుస ఎందుకు రాయలేదని నాకు బాధ కలిగింది. దాచారనుకోను. ఆయన షాపుకు నల్లా నీళ్లొస్తాయి, అక్కడి కూలర్లకు ఈ తెలుపు పట్టదు. కానీ కొనేవాళ్లలో సగం మంది బోరు మీద బతికేవాళ్లే.

కారణం తెలుసుకోవాలని, ఫిల్టర్ బాగుచేయడానికి వచ్చిన అబ్బాయితో బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు ఎంతున్నాయో, కొలిపించాను. లీటరుకు 800 మిల్లీగ్రాములు. మా కూలర్ రాత్రికి ఎనభై లీటర్లు ఆవిరి చేస్తుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు మిగిలిపోతుంది. రాత్రికి 64 గ్రాములు, నెలకు రెండు కిలోలకు కొంచెం తక్కువ. అదంతా ట్యాంకులోనో, గొట్టంలోనో, ప్యాడ్ మీదో చేరాల్సిందే. నేను సౌకర్యం కోసం పెట్టుకున్న ఫ్లోట్ వాల్వే దీన్ని పెంచింది. ట్యాంకు ఎప్పుడూ ఖాళీ కాదు, పాత ఉప్పునీళ్ల మీదే కొత్త నీళ్లు చేరుతూ చిక్కబడతాయి.

ఇప్పుడు మూడు రోజులకొకసారి అడుగు బిరడా తీసి ట్యాంకు మొత్తం వదిలేస్తున్నాను. ఆ నీళ్లు మొక్కలకు పోయను, బాత్రూం కడగడానికి వాడతాం. నల్లా వచ్చే రోజున డ్రమ్ముకు పట్టి అదే పోస్తున్నాం. పొద్దున ఆపే ముందు పంపు ఆపి, ఫ్యాను పది నిమిషాలు తిప్పి ప్యాడ్లు ఆరబెడతాం, దాంతో వాసన కూడా పోయింది. 2025 సీజన్ అయ్యేసరికి ప్యాడ్ల అంచుల్లో సన్నటి తెలుపు తప్ప ఏమీ లేదు. ఈ లెక్కన ఇంకో ఏడాది వస్తాయనుకుంటున్నాను.

నా ఫోన్ తర్వాత ఆయన పోస్టులో ఒక మార్పు వచ్చింది. "మీవి బోరు నీళ్లా, నల్లా నీళ్లా?" అన్న ప్రశ్న, పక్కన మా పాత ప్యాడ్ ఫొటో (నన్ను అడిగే తీసుకున్నారు). ప్యాడ్ల ధర మాత్రం ఇప్పటికీ ఖర్చు లెక్కలో చేర్చలేదు. అది కూడా చేర్చమని చెప్పాను, చూడాలి.

కొనొచ్చా అని అడిగితే, మా ఇంటి వరకు అవునంటాను. మాకు పడమటి కిటికీ ఉంది, నీళ్లకు కరువు లేదు, పగలు స్కూల్లో ఉంటాం కాబట్టి రాత్రి ఎనిమిది గంటలే వాడకం. అమ్మకు ఏసీ గాలి పడదు. ట్యాంకరు నీళ్లు కొనుక్కునేవాళ్లకు రాత్రికి ఎనభై లీటర్లంటే లెక్క మారిపోతుంది. కాకినాడలో ఉన్న మా చెల్లి నా మాట విని కొనబోతే, ముందు తడి గుడ్డ థర్మామీటర్ పెట్టి చూడమన్నాను. మే మధ్యాహ్నం ఒకటి 36, రెండోది 29 చూపించాయి. ఏడు డిగ్రీల తేడాలో పదింట ఏడు వంతులు తగ్గినా గాలి 31, అదీ తేమతో. తను కొనలేదు.