ఎంఏఎఫ్ క్లీనర్ స్ప్రే: రెండున్నరేళ్లు వాడాక

ఈ సమీక్ష మొదటి నెలలోనే రాసి ఉంటే కళ్లు మూసుకుని అయిదుకు అయిదు ఇచ్చేవాణ్ణి. అప్పుడు నాకు కలిగిన సంతోషం అలాంటిది. ఇప్పటికీ డబ్బా ఇంట్లో ఉంది, ఇప్పటికీ వాడుతున్నాను. కానీ అప్పుడు చెప్పిన మాటే ఇప్పుడూ చెప్పలేను.

నాది పాత 1.5 లీటర్ పెట్రోల్ కారు. ఉండేది తాండూరులో. నాపరాయి పాలిషింగ్ యూనిట్ల మధ్య నుంచి రోజూ వెళ్లాలి కాబట్టి ఎయిర్ ఫిల్టర్ విప్పితే తెల్లటి పిండి రాలుతుంది. మాటిమాటికీ ఫిల్టర్ కొనడం ఎందుకని, కడిగి నూనె పూసి మళ్లీ వాడుకునే కాటన్ ఫిల్టర్ వేయించాను. మూడు నెలలకు చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్‌లో బండి వణికేది, అనంతగిరి ఘాట్‌లో పికప్ లేదు. స్కానర్ పెడితే P0101 అని వచ్చింది. లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సార్ లెక్క, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అంచనాతో కలవడం లేదని దాని అర్థం. సెన్సార్ మార్చాలి, ఎనిమిది వేలు దాటుతుందని వర్క్‌షాప్‌లో చెప్పారు.

మార్చే ముందు ఒకసారి కడిగి చూద్దామని ఈ స్ప్రే తెచ్చాను. ఫిల్టర్ డబ్బా దాటగానే పైపు మీద రెండు స్క్రూలతో ఉంటుంది సెన్సార్. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీసి, కనెక్టర్ ఊడదీసి, సెన్సార్‌ను బయటికి తీశాను. లోపల వెంట్రుక లాంటి తీగ మీద నూనె పొర, దానికి అంటుకున్న దుమ్ము కళ్లకు కనిపించాయి. ఆ తీగను కరెంటు వేడిగా ఉంచుతుంది. పక్క నుంచి వెళ్లే గాలి దాన్ని చల్లారుస్తుంది. మళ్లీ వేడి చేయడానికి ఎంత కరెంటు పట్టిందో అదే గాలి లెక్క. తీగ మీద జిడ్డు దుప్పటిలా కప్పుకుంటే గాలి తగలదు, లెక్క తక్కువ వస్తుంది. కంప్యూటర్ ఆ తక్కువ లెక్కకే పెట్రోల్ పోస్తుంది.

కొంచెం దూరం నుంచి పది పన్నెండు సార్లు కొట్టాను. వేలితో గానీ దూదిపుల్లతో గానీ ముట్టుకోలేదు, ఆ తీగ తెగితే ఇక కొత్తది కొనడమే. బ్రేక్ క్లీనర్, కార్బ్యురేటర్ క్లీనర్ దీనికి పనికిరావు. వాటిలో కొన్ని ప్లాస్టిక్‌ను తింటాయి, కొన్ని మరకను వదులుతాయి. అరగంట ఆరనిచ్చి బిగించాను. ఈ స్ప్రే మండే రకం, పూర్తిగా ఆరకుండా తాళం తిప్పకూడదు.

వేడెక్కిన ఇంజిన్ మీద ఐడ్లింగ్‌లో సెకనుకు 1.9 గ్రాములు చూపించిన సెన్సార్, కడిగాక 2.2 చూపించింది. నూనె ఫిల్టర్ తీసేసి మామూలు పేపర్ ఫిల్టర్ వేశాను. వణుకు పోయింది, ఘాట్‌లో బండి మునుపటిలా లాగింది. అయిదు వందల డబ్బాతో ఎనిమిది వేలు మిగిలాయి. కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పాను.

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ లైటు. ఈసారి P0101తో పాటు P0171 కూడా ఉంది, అంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. సిగ్నల్ దగ్గర బ్రేక్ వేసి ఆపగానే ఆర్‌పీఎం ముల్లు 500కు పడిపోయి బండి ఆఫ్ అయ్యేది. చేవెళ్ల దగ్గర లారీ వెనక అలా రెండుసార్లు ఆగింది, వెనక సీట్లో అమ్మ ఉంది. సెన్సార్ 1.7 చూపిస్తోంది. మళ్లీ మురికి పట్టిందనుకుని కడిగాను. లైటు రెండు రోజులు రాలేదు, తర్వాత వచ్చింది. మళ్లీ కడిగాను. నెలలో మూడుసార్లు.

ఇక్కడే మోసపోయాను. కడిగినప్పుడల్లా బ్యాటరీ తీస్తాం కదా, దాంతో కంప్యూటర్ దాచుకున్న తప్పుల జాబితా, నేర్చుకున్న సర్దుబాట్లు చెరిగిపోతాయి. ఇలాంటి తప్పు రెండు ప్రయాణాల్లో వరుసగా కనిపిస్తే తప్ప మామూలుగా మళ్లీ లైటు వెలగదు. ఆ రెండు రోజుల ప్రశాంతత స్ప్రే వల్ల వచ్చింది కాదు. నిజానికి వణుకు ఆ రెండు రోజులూ ఉంది. లైటు లేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

చివరికి మా ఊళ్లోనే ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాను. "సార్, మూడుసార్లు కడిగినంక కూడా మళ్ల వస్తోందంటే తప్పు దానిది కాదు. గాలి ఇంకేడనో జొరబడుతోంది" అన్నాడు. నా స్కానర్‌లోనే STFT, LTFT అనే రెండు అంకెలు చూపించమన్నాడు. కంప్యూటర్ మొదటి లెక్క కంటే ఎంత శాతం పెట్రోల్ అదనంగా పోయాల్సి వస్తోందో ఆ రెండూ కలిపితే తెలుస్తుంది. ఐడ్లింగ్‌లో కలిపి +24 ఉంది. యాక్సిలరేటర్ తొక్కి 2500 దగ్గర నిలబెడితే +7కు దిగింది.

ఆ దిగడమే అసలు గుర్తు. గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్‌లో ఐడ్లింగ్‌లో పీల్పు బాగా ఎక్కువ. చీలిక ఉంటే దొంగగాలి అప్పుడు బాగా లోపలికి వస్తుంది. వేగం పెరిగి సెన్సార్ మీదుగా వచ్చే గాలి ఎక్కువైతే, దాంట్లో ఈ దొంగగాలి వాటా చిన్నదైపోతుంది. సెన్సార్ మురికిదైతే అలా దిగదు, తొక్కే కొద్దీ అలాగే ఉంటుంది లేదా పెరుగుతుంది. మొదటిసారి రాసిపెట్టుకున్న అంకెలు తీసి చూశాను: ఐడ్లింగ్‌లో +14, 2500 దగ్గర +19. తేడా అప్పుడే నా నోట్‌బుక్‌లో ఉంది, చదవడం నాకు తెలియలేదు.

ఆయన మానిఫోల్డ్ కింద చెయ్యి పెట్టి ఒక రబ్బరు పైపును మొదట్లో ప్లయర్‌తో నొక్కాడు. ఇంజిన్ వణుకు వెంటనే ఆగింది. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ మానిఫోల్డ్‌కు పంపే పీసీవీ పైపు అది. వంపు దగ్గర అడుగువైపు చీలింది, పైనుంచి చూస్తే కనపడదు. కొత్త పైపు, కూలీ కలిపి ఏడు వందలు తీసుకున్నాడు. సెన్సార్‌ను ముట్టుకోకుండానే లెక్క మళ్లీ 2.2కు వచ్చింది. 1.7 అని చూపించినప్పుడు అది అబద్ధం చెప్పలేదు. దాని పక్క నుంచి నిజంగా అంతే గాలి వెళ్లింది. మిగతాది వెనక దారిన వచ్చింది. నిజం చెప్పిన సెన్సార్‌ను మూడుసార్లు కడిగాను.

అందుకే ఇప్పుడు లైటు వస్తే డబ్బా తీయను, ముందు ఆ రెండు అంకెలు ఐడ్లింగ్‌లోనూ, 2500 దగ్గరా చూస్తాను. P0102, P0103 లాంటివి వస్తే స్ప్రే కంటే ముందు కనెక్టర్, వైర్లు చూడాలి, అవి కరెంటు సిగ్నల్ తేడాలు. మా బావ డీజిల్ బండికి నల్లపొగ వస్తుంటే ఇదే స్ప్రే కొట్టాం. ఏ మార్పూ లేదు, సెన్సార్ మార్చాకే తగ్గింది. ఇంకో మాట, మన దగ్గర చాలా చిన్న పెట్రోల్ కార్లలో ఎంఏఎఫ్ సెన్సారే ఉండదు, మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. కొనే ముందు బండిలో ఏముందో చూసుకోండి.

నా వరకైతే తాండూరు దుమ్ములో, పేపర్ ఫిల్టర్ మార్చినప్పుడు ఏడాదికోసారి కొడుతున్నాను. గత రెండుసార్లూ కడగక ముందు, కడిగిన తర్వాత అంకె 2.2 దగ్గరే ఉంది.