ఈఎఫ్ 57 అంటే నిజంగా 57 యేనా? ఎం-మోడ్, సింప్సన్ పోలిక

గాజువాకలో ఉండే మా బాబాయికి గుండె ముందుగోడకి అటాక్ వచ్చాక రెండు ఎకోలు తీశారు, మహారాణిపేటలో ఒకటి, ఎంవీపీ కాలనీలో ఇంకోటి. ఈఎఫ్ అంటే ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి బయటికి వెళ్లే శాతం. మొదటి దాంట్లో అది 57, రెండో దాంట్లో 38. ఇంట్లో ఒకటే టెన్షన్, వారంలో గుండె అంత పాడైపోయిందా అని.

పాడవలేదు, కొలిచిన పద్ధతి వేరు. మొదటిది ఎం-మోడ్: ఎడమ జఠరికలో కవాటాల వైపు ఒక్క గీత వేసి, వ్యాకోచంలో వెడల్పు 5.0 సెం.మీ., సంకోచంలో 3.5 సెం.మీ. అని తీసుకుంటే, మిగతా గుండె అంతా అలాగే కొట్టుకుంటోందని అనుకుని టైకోల్జ్ సూత్రం 57 ఇచ్చేస్తుంది. బాబాయికి కదలనిది కొనవైపు, ఆ గీత అటు వెళ్లనే లేదు!

సింప్సన్ పద్ధతిలో నాలుగు గదుల, రెండు గదుల దృశ్యాల్లో లోపలి అంచు గీస్తే, మెషీన్ దాన్ని బిళ్లలుగా కోసి పరిమాణం కూడుతుంది. నిండినప్పుడు 120 మి.లీ., ముడుచుకున్నాక 74, అంటే బయటికి వెళ్లింది 46, అదే 38 శాతం.

అటాక్ వచ్చినవాళ్లకి నేనైతే రెండోదే నమ్ముతాను, కానీ ఇదీ మోసం చేస్తుంది. ప్రోబ్ సరిగ్గా కొన మీద లేకపోతే జఠరిక పొట్టిగా, గుండ్రంగా కనిపించి, కదలని కొన తప్పిపోయి, ఈఎఫ్ ఎక్కువ చూపిస్తుంది. రెండు దృశ్యాల్లో పొడవు 10 శాతానికి మించి తేడా ఉంటే అనుమానించాలి. అంచే మసగ్గా ఉంటే కాంట్రాస్ట్ ఇచ్చి మళ్లీ చూడమని అడగొచ్చు.

రిపోర్ట్‌లో Teich అని ఉందా, Biplane అని ఉందా చూడండి: మొదటిది టైకోల్జ్, రెండోది రెండు దృశ్యాల సింప్సన్.