కొన్న మర్నాడే అమ్మి వేలంలో పడ్డాను: చిన్న కంపెనీల షేర్లు కొనేవాళ్లు ఒక్కసారి చదవండి

మాది పరకాల దగ్గర పల్లె. ఉండేది హనుమకొండలో. షేర్లు మూడేళ్లుగా కొంటున్నాను కానీ ఎప్పుడూ పెద్ద కంపెనీలవే. ఈసారి ఒక చిన్న కంపెనీ షేరు కొని, మర్నాడే అమ్మాను. లాభం వచ్చిందని సంతోషపడ్డాను. రెండు రోజుల తర్వాత నా ఖాతాలోంచి డబ్బులు కట్ అయ్యాయి. ఎందుకో అర్థం చేసుకోవడానికి వారం పట్టింది. ఇంకెవరికీ ఇలా కాకూడదని మొత్తం రాస్తున్నాను. కంపెనీ పేరు, బ్రోకర్ పేరు రాయడం లేదు. ఏ బ్రోకర్ దగ్గరైనా, ఏ చిన్న షేరులోనైనా ఇదే జరగొచ్చు.

సోమవారం ఉదయం 11 గంటలకు బ్రోకర్ ఆఫీసుకు ఫోన్ చేసి రేటు అడిగాను. "148 నడుస్తోంది సార్" అన్నాడు డీలర్. "అయితే 400 తీసుకో తమ్ముడూ" అన్నాను. 148 చొప్పున 59,200 రూపాయలు అవుతుందని లెక్క వేసుకున్నాను. సాయంత్రం మెయిల్‌లో కాంట్రాక్ట్ నోట్ అనే బిల్లు వచ్చింది. అందులో 60,343 రూపాయలు ఉంది. ఛార్జీలు ఇంకా కలపలేదు. 1,143 రూపాయలు ఎక్కువ ఎలా అయింది?

దీనికి జవాబు నాకు వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ గుర్తొచ్చాక దొరికింది. మిర్చి సీజన్‌లో పొద్దున జెండా పాట అయిపోగానే ఆ రేటు ఊళ్లన్నీ తిరుగుతుంది. ఇంటి దగ్గర అందరూ "ఇవాళ రేటు ఇంత" అనుకుంటారు. కానీ ఆ రేటు పాడిన ఆ ఒక్క లాటుకే. మన బస్తాల దగ్గరికి వ్యాపారి వచ్చి చెప్పే రేటు వేరు. స్క్రీన్ మీద కనిపించే 148 కూడా అలాంటిదే. అది అప్పటికే అయిపోయిన చివరి లావాదేవీ ధర. నాకు ఆ ధరకు అమ్మేవాడు ఉన్నాడని అర్థం కాదు.

ఎక్స్ఛేంజ్ కంప్యూటర్‌లో ప్రతి షేరుకూ రెండు వరుసలు ఉంటాయి. ఒక పక్క కొంటామన్నవాళ్లు, ఎక్కువ ధర ఇస్తామన్నవాళ్లు ముందు. ఇంకో పక్క అమ్ముతామన్నవాళ్లు, తక్కువ ధరకు ఇస్తామన్నవాళ్లు ముందు. ఇద్దరు ఒకే ధర చెబితే ముందు ఆర్డర్ పెట్టినవాడికే ముందు అవకాశం. మార్కెట్ యార్డులో కాయ రంగు, తేమ, తాలు చూసి రేటు కడతారు. షేర్లలో ఒక షేరుకూ ఇంకో షేరుకూ తేడా లేదు కాబట్టి చూసేది ధర, తర్వాత సమయం, అంతే. కొనేవాడెవరో అమ్మేవాడికి తెలియదు, అమ్మేవాడెవరో కొనేవాడికి తెలియదు.

డీలర్ నా కోసం పెట్టింది మార్కెట్ ఆర్డర్. ధర ఎంతైనా సరే, 400 ఇవ్వండి అని దాని అర్థం. ఆ నిమిషంలో అమ్మకాల వరుస ఇలా ఉంది: 148.20కి 60 షేర్లు, 148.90కి 90, 150కి 50, 152.50కి 100, 153కి 150. నా ఆర్డర్ పై నుంచి ఒక్కో మెట్టూ ఖాళీ చేసుకుంటూ వెళ్లి, చివరి 100 షేర్లను 153కి తీసుకుంది. సగటున షేరుకు 150 రూపాయల 86 పైసలు పడింది. కాంట్రాక్ట్ నోట్‌లో ఈ ఐదు ధరలూ విడివిడిగా ఉన్నాయి. మన మార్కెట్ తక్‌పట్టీలాగే ఇది కూడా లైను లైనూ చదవాల్సిన కాగితం. పెద్ద కంపెనీ షేరులో ఒక్కో ధర దగ్గరే వేల షేర్లు ఉంటాయి కాబట్టి 400కి ఈ తేడా కనిపించదు. చిన్న షేరులో ముందు మార్కెట్ డెప్త్ తెరిచి చూడండి. రెండు పక్కలా మొదటి ఐదు ధరలు, ఒక్కో ధర దగ్గర ఎన్ని షేర్లు ఉన్నాయో కనిపిస్తాయి. "149 దాటితే వద్దు" అని లిమిట్ ఆర్డర్ పెట్టి ఉంటే నాకు 150 షేర్లు వచ్చి, మిగతావి వరుసలో ఆగేవి.

ఇది చిన్న దెబ్బ. అసలు దెబ్బ తర్వాత తగిలింది.

ఆ సోమవారం మధ్యాహ్నానికి షేరు 156.20కి వెళ్లి అక్కడే ఆగిపోయింది. అంతకుముందు శుక్రవారం ముగింపు 142. దానిపై పది శాతమే ఆ రోజు పెరగడానికి హద్దు. అప్పర్ సర్క్యూట్ అంటారు దీన్ని. అప్పుడు కొనేవాళ్ల వరుస మాత్రమే ఉంటుంది, అమ్మేవాళ్ల పక్క ఖాళీ. నేను కొన్నది పెరిగిందని ఆనందపడ్డాను తప్ప, అది ప్రమాద సూచన అని నాకు తెలియలేదు.

మంగళవారం ఉదయం 161 నడుస్తోంది. యాప్‌లో నా 400 షేర్లూ కనిపిస్తున్నాయి, పక్కన చిన్నగా T1 అని ఉంది. డీలర్‌ను అడిగాను, ఇవాళే అమ్మొచ్చా అని. "అకౌంట్‌లో కనిపిస్తున్నాయి కదా సార్, అమ్మేయండి, ఏం కాదు" అన్నాడు. 161కి లిమిట్ పెట్టి 400 అమ్మేశాను. 64,400 రూపాయలు. ఒక్క రోజులో నాలుగు వేలు.

ఆ T1 అన్న రెండక్షరాలకు అర్థం, షేర్లు దాచే నా డీమ్యాట్ ఖాతాలోకి అవి ఇంకా రాలేదని. మన దేశంలో కొన్న రోజును T అంటారు. షేర్లు, డబ్బులు చేతులు మారేది తర్వాతి పనిదినం, అంటే T+1. 2003 నుంచి ఇది రెండు రోజులుగా ఉండేది, 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకూ ఒక్క రోజు అయింది. శుక్రవారం కొంటే సోమవారం అన్నమాట, మధ్యలో సెలవు లేకపోతే. అమ్మినవాళ్లు షేర్లను, కొన్నవాళ్లు డబ్బును ఆ T+1 రోజు ఉదయం, మధ్యవర్తిగా ఉండే క్లియరింగ్ కార్పొరేషన్‌కు అప్పగించాలి. దీన్ని పే-ఇన్ అంటారు. మధ్యాహ్నం 3.30 లోపు అక్కడి నుంచి షేర్లు కొన్నవాళ్ల డీమ్యాట్‌లోకి వస్తాయి. అది పే-అవుట్. సోమవారం నేను కొన్నది ఒప్పందం మాత్రమే. పాట అయింది, కాంటా ఇంకా కాలేదు.

మంగళవారం సాయంత్రం నా డీమ్యాట్‌లోకి వచ్చినవి 300. వంద రాలేదు.

ఎందుకు రాలేదంటే, సోమవారం అమ్మినవాళ్లలో కొందరి దగ్గర అసలు షేర్లే లేవు. పొద్దున అమ్మి, రేటు తగ్గాక అదే రోజు తిరిగి కొందామనుకునేవాళ్లు ఉంటారు. షేరు అప్పర్ సర్క్యూట్‌లో ఆగిపోతే వాళ్లకు కొనడానికి అమ్మేవాడే దొరకడు. మర్నాడు అప్పగించడానికి చేతిలో ఏమీ ఉండదు. నాలాగా T1 షేర్లు అమ్మినవాళ్లు కూడా అందులో ఉండొచ్చు. ఆ కొరత ఎవరి ఖాతాకు వస్తుందో ముందుగా చెప్పలేం. ఈసారి నా వంతు.

ఊరికే కొని ఉంచుకున్నవాడికి దీనివల్ల నష్టం లేదు. క్లియరింగ్ కార్పొరేషన్ మధ్యలో ఉండి హామీ ఇస్తుంది, T+1 నాడు వేలం పెట్టి ఆ షేర్లు కొంటుంది, T+2 నాడు మనకు ఇస్తుంది. వేలంలోనూ దొరకకపోతే ఒక లెక్క ప్రకారం డబ్బు ఇస్తుంది. ఎగ్గొట్టినవాడే ఖర్చు భరిస్తాడు. నాకు రావాల్సిన వంద కూడా అలాగే బుధవారం వచ్చాయి.

కానీ అప్పటికే నేను కూడా అమ్మినవాణ్ణి. మంగళవారం అమ్మిన 400 షేర్లను బుధవారం ఉదయం పే-ఇన్ గడువులోపు అప్పగించాలి. నా దగ్గర ఉన్నవి 300. వేలం నుంచి నాకు రావాల్సిన వంద చేరేసరికి ఆ గడువు దాటిపోయింది. ఎక్స్ఛేంజ్ లెక్కలో ఇప్పుడు ఎగ్గొట్టినవాణ్ణి నేను. నాకు ఎవరో ఇవ్వలేదు కాబట్టి నేను ఇవ్వలేకపోయాను అంటే అక్కడ చెల్లదు, ప్రతి లావాదేవీ లెక్క దానిదే. బుధవారం నా తరఫున వంద షేర్లకు వేలం జరిగింది.

వేలంలో ధర మామూలు మార్కెట్ ధర కాదు. అమ్మేవాళ్లకు అవతల అవసరం ఉందని తెలుసు, అంతకుముందు ముగింపు ధర కంటే 20 శాతం దాకా ఎక్కువ చెప్పొచ్చు. మంగళవారం ముగింపు 166. వేలంలో 189కి దొరికాయి. నేను అమ్మిన 161కి, ఆ 189కి తేడా 28 రూపాయలు, వంద షేర్లకు 2,800. నిజంగా అప్పగించిన 300 షేర్ల మీద నాకు వచ్చిన లాభం 3,043. మిగిలింది 243. బ్రోకర్ వేసిన వేలం ఛార్జీ, మిగతా పన్నులు కలిపితే అదీ పోయింది. పైగా ఆలస్యంగా వచ్చిన వంద షేర్లు నా దగ్గరే ఉండిపోయాయి. వారం తిరిగేసరికి వాటి ధర 138.

బ్రోకర్ ఆఫీసుకు వెళ్లి అడిగాను. ఖాతా తెరిచేటప్పుడు నేను సంతకం పెట్టిన కాగితాల్లో ఇదంతా ఉందని చూపించారు. ఉంది, నిజమే. కానీ "ఏం కాదు సార్" అన్న మాటకు బదులు "రాకపోతే వేలం పడుతుంది సార్" అని ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఒక రోజు ఆగేవాణ్ణి. నాకు ఇప్పటికీ బాధ అక్కడే.

మీ షేర్లు నిజంగా వచ్చాయో లేదో తెలుసుకోవడానికి బ్రోకర్ యాప్‌ను నమ్మకండి. డీమ్యాట్ ఖాతాలు నడిపే సీడీఎస్ఎల్‌లో మీ ఖాతా ఉంటే వాళ్ల వెబ్‌సైట్‌లో easi లాగిన్ ద్వారా చూసుకోండి. అక్కడ కనిపిస్తేనే మీ చేతిలో ఉన్నట్టు. రోజూ లక్షల షేర్లు చేతులు మారే పెద్ద కంపెనీలో ఇలా జరగడం అరుదు. అందుకే చాలామంది ఏళ్ల తరబడి ఇవాళ కొని రేపు అమ్ముతున్నా ఏమీ కాదు, డీలర్లు కూడా ధైర్యంగా చెబుతారు. తక్కువ షేర్లు తిరిగే కంపెనీ అయితే, అందులోనూ మీరు కొన్న రోజు అప్పర్ సర్క్యూట్‌లో ముగిసి ఉంటే, T1 పోయేదాకా అమ్మకండి.

ఇంకో మాట, ఇది నాకు అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది. పే-అవుట్ గడువు 3.30, మార్కెట్ మూసేదీ 3.30కే. షేర్లు రాలేదని తెలిసేసరికి ఏమీ చేయలేం. బుధవారం పొద్దున మార్కెట్‌లో వంద కొన్నా పనికిరాదు, అవి గురువారం వస్తాయి. ఒకవేళ ఇవాళ T1 షేర్లు అమ్మేసి, ఇప్పుడు ఇది చదివి టెన్షన్ పడుతుంటే, 3.30 లోపు అదే ఎక్స్ఛేంజ్‌లో అన్నే షేర్లు తిరిగి కొనేయండి. అమ్మకం, కొనుగోలు అదే రోజు లెక్కలో రద్దయిపోతాయి, రేపు మీరు ఎవరికీ ఏమీ అప్పగించాల్సిన పని ఉండదు.