ఎగ్జిట్ ఫారం: టిక్కుల జాబితానా, సొంత మాటలా? ఏది మేలు?

హెచ్‌ఆర్‌లో పనిచేసేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. వెళ్లిపోయే ఉద్యోగికి కారణాల జాబితా ఇచ్చి టిక్ పెట్టించుకోవాలా, ఖాళీ జాగా ఇచ్చి రాయమనాలా? ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఎందుకో అందరికీ తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. నా మొగ్గు సొంత మాటల వైపే. అయితే ఖాళీ పెట్టె ఇచ్చినంత మాత్రాన మంచి సమాధానం రాదు. ఆ పెట్టె పైన ఏ ప్రశ్న ఉందో దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ముందు టిక్కుల ఫారం సంగతి. చాలా కంపెనీల్లో ఉన్నది ఇదే. జీతం, ఎదుగుదల, మెరుగైన అవకాశం, పై అధికారి, పై చదువు, కుటుంబ కారణాలు, చివర్లో ‘ఇతర’. నింపడానికి నిమిషం పడుతుంది, లెక్కపెట్టడానికి మరో నిమిషం. ఇందులో తప్పుదారి పట్టించే ప్రశ్న ఏముంది అని అడుగుతారు. ప్రశ్నలో లేదు, జాబితాలోనే ఉంది.

అమెరికాలో హోవర్డ్ షూమన్, జాక్వెలిన్ స్కాట్ అనే పరిశోధకులు 1987లో ప్రచురించిన ప్రయోగం దీన్ని బాగా చూపిస్తుంది. దేశం ముందున్న అతి పెద్ద సమస్య ఏమిటని కొందరిని ఏ జాబితా లేకుండా అడిగారు. మరికొందరికి జనం చాలా అరుదుగా చెప్పే నాలుగు సమస్యలు చదివి వినిపించి, ఇవి కాకపోతే వేరేది చెప్పవచ్చు అన్నారు. జాబితా లేనప్పుడు ఆ నాలుగింటిలో ఏదో ఒకటి చెప్పినవాళ్లు 3 శాతం కూడా లేరు. జాబితా ఇచ్చినప్పుడు దాదాపు 60 శాతం మంది వాటిలోనే ఒకటి ఎంచుకున్నారు. వేరేది చెప్పే వీలున్నా ఎక్కువమంది దాన్ని వాడుకోలేదు. మన ఫారంలో ‘ఇతర’ అనే గడి ఉంది కదా అన్న ధైర్యం ఎందుకు చెల్లదో దీన్ని బట్టే తెలుస్తుంది.

మన దగ్గర దీనికి ఇంకో ఒత్తిడి తోడవుతుంది. ఫారం చేతికొచ్చే రోజుకి రిలీవింగ్ లెటర్ ఇంకా రాలేదు, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అవలేదు. రేపు కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి ఇదే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడుతుంది. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి ‘మెరుగైన అవకాశం’ అనే గడి ఎదురుగా కనిపిస్తే దాని మీదే టిక్ పెడతాడు. ఎవరినీ నొప్పించని సమాధానం అది. పైగా అది కారణం కాదు, వెళ్లే చోటు. ఎక్కడికి వెళ్తున్నాడో చెప్తుంది గానీ వెతకడం ఎందుకు మొదలుపెట్టాడో చెప్పదు. వెళ్లే చోటునీ కారణాన్నీ ఒకే జాబితాలో కలిపితే మొదటిదే ఎప్పుడూ గెలుస్తుంది.

ఇక ఖాళీ పెట్టె. ‘మీరు ఎందుకు వెళ్తున్నారు?’ అని రాసి పెడితే వచ్చే సమాధానం కూడా రాజీనామా లేఖలో ఉన్న వాక్యమే. ‘ఎందుకు’ అని అడిగితే మనిషి తన నిర్ణయాన్ని సమర్థించుకుంటాడు. అందుకే నేను ‘ఎప్పుడు’తో మొదలుపెడతాను. ఇప్పుడు నేను వాడే ఫారంలో ముఖ్యమైన ప్రశ్నలు ఇవి:

ఈ ఉద్యోగం వదిలేద్దామన్న ఆలోచన మొదట సుమారుగా ఎప్పుడు వచ్చింది? అలాంటి ఆలోచన ముందు లేకపోతే ఆ మాటే రాయండి.

ఆ రోజుల్లో పనిలో గానీ బయట గానీ ఏం జరుగుతోంది?

అక్కడి నుంచి రాజీనామా ఇచ్చేదాకా ఏమేం జరిగాయి?

మూడింటిలోనూ జీతం లేదు, మేనేజర్ లేడు, అసంతృప్తి అన్న మాట లేదు. మొదటి ప్రశ్నలో రెండో వాక్యం తప్పనిసరి. కొందరు మానేద్దామని ఎప్పుడూ అనుకోరు, ఎక్కడి నుంచో ఫోన్ వస్తుంది, వెళ్తారు. ఆ వాక్యం లేకపోతే వాళ్లు కూడా ఏదో ఒక నెల వెతికి రాస్తారు. అప్పుడు మన ప్రశ్నే లేని కారణాన్ని పుట్టించినట్టు. ‘పనిలో గానీ బయట గానీ’ అన్నదీ అందుకే. ఒక్క ‘పనిలో’ అంటే ఫిర్యాదు అడిగినట్టు, ఒక్క ‘బయట’ అంటే వ్యక్తిగత కారణాలు రాయమని సూచించినట్టు.

ఈ క్రమానికి పరిశోధనల్లోనూ ఆధారం ఉంది. థామస్ లీ, టెరెన్స్ మిచెల్ అనే పరిశోధకులు 1994లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం చాలామంది ఉద్యోగం మానడం వెనక మెల్లగా పేరుకున్న అసంతృప్తి కంటే, ఆగి ఆలోచించేలా చేసిన ఒక సంఘటన ఉంటుంది. అది చెడ్డదే కానక్కర్లేదు. పెళ్లి కావచ్చు, బదిలీ కావచ్చు, అనుకోకుండా వచ్చిన ఆఫర్ కావచ్చు. సంఘటనని పట్టుకోవాలంటే కాలాన్ని అడగాలి.

ఒక సమాధానం ఎలా ఉంటుందో చూద్దాం. హైదరాబాద్‌లో ఒక కస్టమర్ సపోర్ట్ టీమ్ నుంచి వెళ్తున్న అమ్మాయి ఇలా రాసిందనుకోండి: ‘ఫిబ్రవరి నుంచి షిఫ్ట్ రోస్టర్ శుక్రవారం సాయంత్రం ఇస్తున్నారు. ఆదివారం రాత్రి నుంచే డ్యూటీ. అమ్మని వారానికి రెండు రోజులు హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. షిఫ్ట్ మార్చమని రెండుసార్లు అడిగాను. ఏప్రిల్‌లో రెజ్యూమె అప్‌డేట్ చేశాను. కొత్త చోట జీతం కూడా కొంచెం ఎక్కువే.’ టిక్కుల ఫారం ఇచ్చి ఉంటే ఈమె ‘కుటుంబ కారణాలు’ లేదా ‘మెరుగైన అవకాశం’ దగ్గర టిక్ పెట్టేది. రెండూ అబద్ధం కావు. కానీ కంపెనీ చేతిలో ఉన్న విషయం, అంటే రోస్టర్ ఏ రోజు ఇస్తున్నారన్నది, రెండింటిలోనూ కనిపించదు.

సొంత మాటల పద్ధతిలో అసలు కష్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. రాసినదాన్ని కోడ్ చేయాలి, అంటే ఒక్కో విషయానికి లెక్కపెట్టగలిగే చిన్న పేరు పెట్టాలి. నేను మూడు గడులు పెడతాను: ఆలోచన మొదలైన సందర్భం, తోడైనవి, వెళ్లే చోటు. ఈమె విషయంలో మొదటి గడిలో ‘రోస్టర్ ఆలస్యం’. రెండో గడిలో ‘ఇంటి బాధ్యత’, ‘షిఫ్ట్ మార్పు అడగడం’. మూడో గడిలో ‘కొత్త ఉద్యోగం, జీతం కొంచెం ఎక్కువ’. కోడ్ చేసేవాళ్లు ఎక్కువగా జారేది రెండో గడిలోనే. ‘షిఫ్ట్ మార్చలేదు’ అని రాసేస్తారు. ఆమె అలా అనలేదు, అడిగానని మాత్రమే అంది. మార్చారా లేదా అన్నది తర్వాత రోస్టర్ చూసి తేల్చుకోవాల్సిన సంగతి. ప్రశ్నలో జాగ్రత్తపడి కోడింగ్‌లో ఊహ కలిపితే మళ్లీ మొదటికొస్తాం. అందుకే ఒకే సమాధానాన్ని ఇద్దరు విడివిడిగా కోడ్ చేయాలి. తేడా వచ్చినచోట ఆ మాటలు మళ్లీ చదివి, కోడ్ నిర్వచనం ఒక వాక్యంలో రాసి పెట్టుకోవాలి. చాలా సమాధానాల్లో తేడా వస్తోందంటే తప్పు మనుషుల్లో కాదు, నిర్వచనాల్లో ఉంది.

ఇప్పుడు రిపోర్టు. ఒక త్రైమాసికంలో 14 మంది వెళ్లారు, 11 మంది ఫారం నింపారు అనుకుందాం. టిక్కుల పద్ధతిలో రిపోర్టు ‘64 శాతం మంది మెరుగైన అవకాశం కోసం వెళ్లారు’ అని వస్తుంది. ఆ 64 శాతం అంటే ఏడుగురు. ఇంత చిన్న సంఖ్యకి శాతం వాడితే లేని బరువు వస్తుంది. అదీగాక ఫారం నింపని ముగ్గురు మాయమైపోయారు. అదే పదకొండు మంది సొంత మాటల్లో రాస్తే మొదటి గడి ఇలా ఉండవచ్చు: రోస్టర్ ఆలస్యం 4, టీమ్ లీడ్ మారడం 2, ఇంక్రిమెంట్ 2, వెతక్కుండానే వచ్చిన ఆఫర్ 2, ఊరు మారడం 1, సమాధానం లేదు 3. మొత్తం 14. చివరి వరుసని నేను ఎప్పుడూ వదలను. రిపోర్టు చదివే మేనేజర్‌కి ఎంతమంది గురించి మనకి తెలియదో కూడా కనిపించాలి.

సొంత మాటలకి ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచకూడదు. ఆ మాటలు మనిషిని పట్టిస్తాయి. పైన ఉన్న సమాధానాన్ని ఉన్నదున్నట్టు రిపోర్టులో పెడితే ‘అమ్మని హాస్పిటల్‌కి’ అన్న ఒక్క ముక్కతో టీమంతా ఆమెని గుర్తుపడుతుంది. కాబట్టి మూల వాక్యాలు హెచ్‌ఆర్ దగ్గరే ఉండాలి, రిపోర్టులోకి కోడ్ మాత్రమే వెళ్లాలి. ఏ విభాగంలోనైనా ఐదుగురి కంటే తక్కువమంది సమాధానమిస్తే వాళ్లని పై విభాగంలో కలిపి చూపించడం మంచిది. ఈ ఒక్క విషయంలో టిక్కుల ఫారం కొంచెం నయం, ఎందుకంటే అందులో పట్టించే మాటలే ఉండవు.

నెలకి వందలమంది మారే పెద్ద కాల్ సెంటర్‌లో ప్రతి ఫారాన్నీ ఇద్దరు కోడ్ చేయడం కుదరదు. అక్కడ టిక్కులే వాడండి. కానీ ఆ జాబితా ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా నుంచి తీసుకోవద్దు. ముందు రెండు త్రైమాసికాలు సొంత మాటలు రాయించి, మీ ఉద్యోగులే ఎక్కువసార్లు చెప్పిన సందర్భాలతో జాబితా తయారుచేయండి. కళ్లతో చదివే జాబితాలో పైన ఉన్నవాటికి ఎక్కువ టిక్కులు పడే ధోరణి ఉంటుంది. Google Formsలో అయితే Shuffle option order పెడితే ఆ ప్రభావం ఒకవైపే పడకుండా ఉంటుంది. రెండూ కావాలనుకుంటే ఖాళీ ప్రశ్నలు మొదటి సెక్షన్‌లో Required గా, జాబితా రెండో సెక్షన్‌లో ఉంచండి. ఒకే పేజీలో పెడితే జాబితా చూశాకే రాస్తారు.

ఎదురుగా కూర్చుని మాట్లాడటం కూడా ఉంది. అది రిపోర్టింగ్ మేనేజర్ చేయకూడదు. చేసేవాళ్లు పైన రాసిన మూడు ప్రశ్నలు అదే వరుసలో అడిగి, మధ్యలో ‘ఆ తర్వాత?’ అనడం తప్ప ఇంకేమీ కలపకుండా ఉంటే పనికొస్తుంది. ‘అంటే జీతం సరిపోలేదా?’ అన్నారంటే ఆ సమాధానం ఇక లెక్కలోకి రాదు. మూడు నెలల తర్వాత ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. అప్పటికి నిర్భయంగా చెప్తారు గానీ ఫోన్ ఎత్తేవాళ్లు తగ్గిపోతారు.

ఏది ఎంచుకున్నా ఫారం ఇచ్చే రోజు మార్చండి. రిలీవింగ్ లెటర్ చేతికిచ్చాకే లింక్ పంపండి. తెలుగులో రాసినా, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా ఫరవాలేదని పైనే చెప్పండి. ఆ సమాధానం కొత్త కంపెనీ వెరిఫికేషన్‌కి వెళ్లదని కూడా ఫారం మీద రాయండి. ఆ మాట రాశాక, వెరిఫికేషన్ మెయిల్స్‌కి జవాబిచ్చే ఉద్యోగికి ఆ ఫోల్డర్ తెరిచే అనుమతి తీసేయండి.